నీట్‌లో సీటు రాకపోతే లాంగ్‌టర్మ్ ఏడాది: ఎవరికి లాభం, ఎవరికి నష్టం

మే మొదటి ఆదివారం నీట్ రాసి, జూన్‌లో ర్యాంకు చూసుకున్న బైపీసీ విద్యార్థుల ఇళ్లలో ఆ తర్వాత కొన్ని వారాల పాటు ఒకే చర్చ నడుస్తుంది. సీటు వచ్చేటట్టు లేదు కనుక మళ్లీ నీట్ రాయించేందుకు ఏడాది పాటు లాంగ్‌టర్మ్ కోచింగ్‌కు పంపాలా, ఎంసెట్ ర్యాంకుతో వచ్చే కోర్సులో చేర్చాలా అన్నది ఆ చర్చ. ఎంసెట్ పేరు ఈఏపీసెట్‌గా మారినా ఇళ్లలో ఇంకా పాత పేరే వాడుకలో ఉంది. చాలా ఇళ్లలో ఈ నిర్ణయం పిల్లల మార్కుల మీద కంటే పక్కింటివారి అనుభవం మీద, కోచింగ్ సంస్థ నుంచి వచ్చే ఫోన్ల మీద ఆధారపడి జరగడం ఇంటర్ విద్యార్థులకు పాఠం చెప్పిన ఇన్నేళ్లలో నేను గమనించిన విషయం. ఏడాది ఆగడం తప్పు కాదు. ఏమి సరిచేసుకోవడానికి ఆగుతున్నారో తెలియకుండా ఆగినప్పుడు మాత్రం ఆ ఏడాది చేజారిపోతుంది.

## ముందు చూడవలసినవి

మొదటిది, లోటు ఎంత, ఎక్కడ ఉంది అన్నది. ఇక్కడ మార్కులను కాక ర్యాంకును చూడాలి. 2024లో పేపరు తేలికగా రావడంతో 720కి 720 తెచ్చుకున్నవారి సంఖ్య సవరించిన ఫలితాల తర్వాత కూడా 17 ఉండగా, 2025లో ఫిజిక్స్ కఠినంగా రావడంతో దేశంలోనే అత్యధిక మార్కు 686 దగ్గర ఆగిపోయింది. అందువల్ల “పోయిన ఏడాది ఇన్ని మార్కులకు సీటు వచ్చింది” అన్న మాట ఈ ఏడాదికి పనికిరాదు. మీ రాష్ట్రంలో, మీ కేటగిరీలో, కన్వీనర్ కోటా చివరి విడతలో సీటు దక్కిన ఆఖరి ర్యాంకు ఏదో చూసి, ఆ ర్యాంకుకు అదే ఏడాది ఎన్ని మార్కులు ఉన్నాయో పోల్చుకుంటేనే అసలు లోటు తెలుస్తుంది. నీట్‌లో అర్హత సాధించడానికీ సీటు రావడానికీ సంబంధం చాలా తక్కువ. 2025లో జనరల్ కేటగిరీ అర్హత మార్కు 144 మాత్రమే కనుక, “క్వాలిఫై అయ్యాడు, ఇంకొంచెం చదివితే చాలు” అన్న ఊరట నిజానికి ఏమీ చెప్పదు.

రెండవది, పరీక్ష తలుపు ఎంతకాలం తెరిచి ఉంటుంది అన్నది. నీట్ రాయడానికి గరిష్ఠ వయసు పరిమితిని 2022లో తీసివేశారు. ప్రయత్నాల సంఖ్యకూ పరిమితి లేదు. పరీక్ష కూడా దాదాపుగా ప్రతి ఏటా మే మొదట్లోనే వస్తోంది. ఇది ఒకవైపు వరమే గాని, “ఇంకొక్కసారి” అన్న మాటకు అంతు లేకుండా చేసేది కూడా ఇదే.

మూడవది, ఏడాది చివర సీటు రాకపోయినా చేతిలో ఏమి మిగులుతుంది అన్నది. నాల్గవది డబ్బు. దాని గురించి విడిగా ఎక్కువ చెప్పనక్కరలేదు గాని, అప్పు చేసి కట్టిన ఫీజు పిల్లల మీద పెట్టే బరువు మార్కుల్లో కనిపిస్తుందని మాత్రం గుర్తుంచుకోవాలి.

## ఒకే మార్కు, రెండు నిర్ణయాలు

నా దగ్గర చదివిన ఒక అమ్మాయికీ ఒక అబ్బాయికీ ఒకే ఏడాది 346 మార్కులు వచ్చాయి. ఇద్దరిదీ ఒకే కేటగిరీ. ఆ ఏడాది వారి కేటగిరీలో ఆఖరి కన్వీనర్ సీటు దాదాపు 430 మార్కుల ర్యాంకు దగ్గర ముగిసింది, అంటే లోటు 84 మార్కులు. ఇద్దరి తల్లిదండ్రులూ ఒకే రోజు వచ్చి ఒకే ప్రశ్న అడిగారు. ఇద్దరికీ నేను చెప్పిన సమాధానాలు వేర్వేరు.

స్కోర్‌కార్డు మీద మొత్తం మార్కులూ, సబ్జెక్టువారీగా పర్సంటైలూ ఉంటాయి గాని, ఎన్ని తప్పులు పెట్టారో ఉండదు. అది తెలుసుకోవాలంటే ఓఎంఆర్ ప్రతినీ తుది కీనీ పక్కపక్కన పెట్టి లెక్క వేయాలి. ఓఎంఆర్ ప్రతిని పరీక్ష సంస్థ వెబ్‌సైట్‌లో కొద్ది రోజులే ఉంచుతారు కనుక అప్పుడే దాచుకోవాలి. అలా లెక్క వేస్తే తేలింది ఇది:

| | అమ్మాయి: రాసినవి / సరైనవి / తప్పులు | మార్కులు | అబ్బాయి మార్కులు |
|---|---|---|---|
| బయాలజీ (360కి) | 88 / 64 / 24 | 232 | 296 |
| కెమిస్ట్రీ (180కి) | 36 / 22 / 14 | 74 | 38 |
| ఫిజిక్స్ (180కి) | 35 / 15 / 20 | 40 | 12 |
| మొత్తం | | 346 | 346 |

సరైన జవాబుకు నాలుగు మార్కులు వస్తాయి, తప్పుకు ఒకటి పోతుంది. కనుక ఒక తప్పును సరిదిద్దుకుంటే ఐదు మార్కులు పెరుగుతాయి, తెలియని ప్రశ్నను వదిలేస్తే ఒకటి పెరుగుతుంది. అమ్మాయి పెట్టిన 58 తప్పులను ఒక్కొక్కటిగా చూశాము. బయాలజీలోని 24 తప్పుల్లో 14 ప్రశ్నలు ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలోని వాక్యాల నుంచి నేరుగా వచ్చినవే. ఆమె ఇంటర్ రెండేళ్లూ తెలుగు అకాడమీ పుస్తకమూ కాలేజీ మెటీరియలూ చదివింది గాని ఎన్‌సీఈఆర్‌టీని వరుసగా చదవలేదు. ఆ 14 తప్పుల విలువ 70 మార్కులు. కెమిస్ట్రీలో ఆరు తప్పులు ఇనార్గానిక్‌లో గుర్తుంచుకోవలసిన విషయాలకు సంబంధించినవి కనుక అక్కడ మరో 30. ఫిజిక్స్‌లోని 20 తప్పుల్లో 11 కేవలం ఊహించి పెట్టినవని ఆమే ఒప్పుకుంది. వాటిని వదిలేసినా 11 మార్కులు మిగిలేవి. అన్నీ కలిపితే 111. లోటు 84 గనుక, కొన్ని చేజారినా, ఫిజిక్స్‌లో పెద్దగా ఎదగకపోయినా, ఆమెకు సీటు అందే దూరంలోనే ఉంది. ఆమెకు కావలసింది పుస్తకం, సమయం, రివిజన్. ఈ మూడూ ఒక ఏడాదిలో దొరుకుతాయి.

అబ్బాయి విషయం వేరు. బయాలజీలో అతడు అప్పటికే 296 దగ్గర ఉన్నాడు. 340కి చేరినా పెరిగేది 44 మాత్రమే. మిగిలిన 40 మార్కులు కెమిస్ట్రీ, ఫిజిక్స్‌ల నుంచే రావాలి. ఫిజిక్స్‌లో అతడు 18 ప్రశ్నలే రాసి, ఆరు సరిగా, పన్నెండు తప్పుగా పెట్టాడు. బైపీసీ పిల్లలకు పదో తరగతితో గణితం ఆగిపోతుందని మరచిపోకూడదు. వెక్టర్లు, లాగరిథమ్‌లు, చిన్నపాటి అవకలనం రాకుండా మెకానిక్స్ అర్థం కాదు, మెకానిక్స్ అర్థం కాకపోతే తరువాతి అధ్యాయాల్లో సగం అందవు. ఈ లోటు నలభై మార్కులుగా కనిపిస్తుంది గాని నిజానికి మూడేళ్ల వెనుకటిది. లాంగ్‌టర్మ్ తరగతుల్లో ఆ పునాది వేయరు, అది ఉందనుకునే పాఠం మొదలుపెడతారు. పైగా అతడికి ఫిజిక్స్ అంటే భయం. ఏడాది పాటు భయపడుతున్న సబ్జెక్టుతోనే కూర్చోవాలన్న ఆలోచనకే ముఖం వాడిపోయింది. ఈఏపీసెట్ ద్వారా బీ ఫార్మసీలో చేరమని చెప్పాను, చేరాడు.

## నాలుగు దారులు

| దారి | ఖర్చు | ఎవరికి సరిపోతుంది | అసలు ప్రమాదం |
|---|---|---|---|
| హాస్టల్‌తో లాంగ్‌టర్మ్ | ఎక్కువ | లోటు చదువులో ఉన్నవారికి, ఇంట్లో చదువుకునే వీలు లేనివారికి | పరీక్షల రద్దీలో తప్పులు దిద్దుకునే సమయం దొరకకపోవడం |
| ఇంటి దగ్గరే చదువు, టెస్ట్ సిరీస్ | తక్కువ | పాఠాలు తెలిసి, అభ్యాసం తక్కువైనవారికి | ఆగస్టు దాటాక పట్టు సడలడం |
| కోర్సులో చేరి మళ్లీ నీట్ | కోర్సు ఫీజు | లోటు కొద్దిపాటిది ఉండి, చేరిన కోర్సు మీద కూడా ఇష్టం ఉన్నవారికి | రెండు పడవల ప్రయాణం |
| నీట్ వదిలి ముందుకు పోవడం | కోర్సు ఫీజు | లోటు పునాదిలో ఉన్నవారికి | తొందరలో ఇష్టంలేని కోర్సు ఎంచుకోవడం |

హాస్టల్‌తో లాంగ్‌టర్మ్ గురించి చెప్పవలసింది ఎక్కువ. తరగతులు జూన్, జూలైల్లో మొదలై, సిలబస్ డిసెంబరు, జనవరి నాటికి పూర్తయి, అక్కడి నుంచి ఏప్రిల్ చివరి వరకు గ్రాండ్ టెస్టులు నడుస్తాయి. చేరేముందు అడగవలసిన ప్రశ్న “మీకు ఎన్ని సీట్లు వచ్చాయి” అన్నది కాదు. ఆ సీట్లు ఎక్కువగా మొదటి సెక్షన్లవి. మా పిల్ల ఏ సెక్షన్‌లో ఉంటుంది, ఆ సెక్షన్‌కు ఎవరు చెబుతారు, వారాంతపు పరీక్ష తర్వాత తప్పులు చూసుకునేందుకు స్టడీ అవర్స్‌లో ఎంత సమయం ఇస్తారు అన్నవి అడగాలి. పొద్దున ఐదింటి నుంచి రాత్రి పదింటి వరకు మైక్రో షెడ్యూల్ నిండిపోయి ఉంటే తల్లిదండ్రులు సంతోషిస్తారు గాని, పై అమ్మాయిలాంటివారికి కావలసింది మళ్లీ అన్ని పాఠాలూ వినడం కాదు, తాను తప్పు చేసిన చోటికి తిరిగి వెళ్లడం.

ఫీజు మొత్తం ఒకేసారి కట్టకుండా విడతలుగా కట్టే ఒప్పందం చేసుకోవడం మేలు. మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి ఫీజు, హాస్టల్, మెస్ డబ్బు లెక్కకట్టి పది రోజుల్లో తిరిగి ఇవ్వాలని కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో కోచింగ్ కేంద్రాలకు మార్గదర్శకాలు ఇచ్చింది. అవి రాష్ట్రాలు అమలు చేయవలసిన మార్గదర్శకాలు కనుక వాటినే నమ్ముకోకుండా రసీదు మీద రాయించుకోవాలి.

ఇంటి దగ్గర చదవడం చవకైన దారి, కష్టమైన దారి కూడా. పాత ప్రశ్నపత్రాలు, ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు, ఒక టెస్ట్ సిరీస్ ఉంటే సరంజామా సరిపోతుంది. సరిపోనిది ఇల్లు. బంధువులు వచ్చినప్పుడల్లా, పెళ్లిళ్లు పేరంటాలప్పుడల్లా ఇంట్లో ఖాళీగా ఉన్న మనిషిగా లెక్కలోకి వచ్చేది లాంగ్‌టర్మ్ పిల్లే. ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో “ఖాళీగానే ఉంది కదా” అన్న మాట వంటింటి దగ్గర మొదలై సంబంధాల దగ్గరికి చేరడం నేను ఒకటికి రెండు ఇళ్లలో చూశాను. ఊళ్లో గ్రంథాలయమో, అద్దె స్టడీ రూమో ఉండి, రోజూ తొమ్మిదింటికి ఇల్లు వదిలి వెళ్లగలిగితే ఈ దారి హాస్టల్‌కు ఏమాత్రం తీసిపోదు.

కోర్సులో చేరి మళ్లీ రాయడం కాగితం మీద అన్నింటికన్నా తెలివైన దారిగా కనిపిస్తుంది. డిగ్రీ కోర్సుల్లో ఇది కొంతవరకు సాధ్యమే. బీ ఫార్మసీ వంటి వృత్తి కోర్సుల్లో తప్పనిసరి హాజరు, ల్యాబులు, సెమిస్టర్ పరీక్షలు ఉంటాయి. వాటి మధ్య మే నెల నీట్‌కు చదవడం అంటే రెండూ సగం సగం చదవడమే. సీటు ఐదారు మార్కుల్లో పోయినవారికి, రివిజన్ తప్ప వేరే పని లేనివారికి మాత్రమే ఇది నప్పుతుంది. మరొక చిక్కు సర్టిఫికెట్లది. మధ్యలో మానేస్తే మిగిలిన ఏళ్ల ఫీజు కడితేగాని ఒరిజినల్స్ ఇవ్వబోమనే కాలేజీలు ఉన్నాయి. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ దగ్గర ఉంచుకోరాదని యూజీసీ 2018 అక్టోబరులోనే ప్రకటించింది. అయినా ఆ హక్కు కోసం ఆగస్టులో తిరుగుతూ ఉంటే అటు కౌన్సెలింగ్ విడతలు గడిచిపోతాయి. కాలేజీలో చేరేటప్పుడు సరిచూడటానికి చూపించి, నకళ్లు ఇచ్చి, ఒరిజినల్స్ వెనక్కి తెచ్చుకోవడం ఒక్కటే తేలికైన మందు.

వదిలి ముందుకు పోవడం ఓటమిగా చూడనక్కరలేదు గాని, ఇందులోనూ ఒక తప్పు జరుగుతుంది. నీట్ మీద కోపంతోనో, ఇంట్లో వాదన ముగించడానికో ఏదో ఒక సీటు తీసుకుంటారు. అగ్రికల్చర్ బీఎస్సీ, పశువైద్యం, ఫార్మ్ డీ, ఆయుర్వేదం, నర్సింగ్ అన్నీ బైపీసీ పిల్లలకు తెరిచి ఉన్న దారులే, కానీ వాటి పని ఒకదానికొకటి పోలికే లేనిది. ఆ పని చేస్తున్న మనిషితో ఒక రోజు గడిపి నిర్ణయించుకోవడానికి జూలై నెల సరిపోతుంది.

## ఏడాది మధ్యలో తెలుసుకోవడం ఎలా

విరామం వృథా అవుతోందని జూన్‌లో ఎవరికీ తెలియదు, ఏప్రిల్‌లో తెలిసినా లాభం లేదు. అందుకే మధ్యలో రెండుసార్లు ఆగి చూసుకోవాలి. వారాంతపు పరీక్షల మార్కులను నమ్మవద్దు. అవి ఆ వారం చెప్పిన అధ్యాయాల మీదే ఉంటాయి కనుక దాదాపు అందరికీ పెరుగుతాయి. దసరా సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడు పిల్లలు ఇదివరకు చూడని ఒక పాత నీట్ పేపరును, ఇప్పటి పద్ధతిలో 180 ప్రశ్నలకు 180 నిమిషాలు పెట్టి, ఓఎంఆర్ మీద రాయించాలి. సంక్రాంతికి మరొకటి. 2025 నుంచి పరీక్ష సమయం 20 నిమిషాలు తగ్గింది. పాత లెక్కతో సాధన చేసినవారు చివరి పదిహేను ఫిజిక్స్ ప్రశ్నలు చదవకుండానే లేస్తున్నారు.

పై అమ్మాయి దసరాకు 371 దగ్గరే ఉంది. తండ్రి కంగారు పడ్డాడు. తప్పులు లెక్కపెడితే బయాలజీ తప్పులు 24 నుంచి 13కి తగ్గాయి గాని, ఫిజిక్స్‌లో కొత్త ధైర్యంతో ఎక్కువ రాసి ఎక్కువ పోగొట్టుకుంది. అంటే ఏడాది వృథా కావడం లేదు, ఒక అలవాటు మాత్రం మారలేదు. ఆ తర్వాత ఫిజిక్స్‌లో తెలిసిన పన్నెండు అధ్యాయాల ప్రశ్నలే ముట్టుకోవాలని నియమం పెట్టుకుంది. సంక్రాంతికి 418. మేలో 430 దాటింది, చివరి విడత కౌన్సెలింగ్‌లో ఒక కొత్త ప్రభుత్వ కాలేజీలో సీటు వచ్చింది. హాస్టల్‌తో కలిపి వారికి అయిన ఖర్చు లక్షా యాభై వేలు.

సంక్రాంతి నాటి పేపరులో మార్కులు మాత్రమే కాక తప్పుల రకం కూడా మొదటి ఏడాదిలాగే ఉంటే, అంటే అవే అధ్యాయాలు, అవే ఊహలు కనిపిస్తే, ఆ వారమే ఈఏపీసెట్ దరఖాస్తు గురించి మాట్లాడుకోవాలి. రెండో లాంగ్‌టర్మ్ గురించి నన్ను అడిగేవారికి నేను పెట్టే షరతు ఒకటే: మొదటి లాంగ్‌టర్మ్‌లో చేసిన తప్పుల కన్నా వేరే కారణం చూపించగలగాలి. జ్వరం, ఇంట్లో మరణం, ఓఎంఆర్‌లో వరుస తప్పడం కారణాలే. “ఈసారి గట్టిగా చదువుతాను” అన్నది కారణం కాదు.

## జేఈఈ, గ్రూప్స్ వాళ్లు ఈ లెక్కను ఎలా మార్చుకోవాలి

ఎంపీసీ విద్యార్థులకు తలుపు త్వరగా మూసుకుంటుంది. జేఈఈ మెయిన్‌ను ఇంటర్ పాసైన ఏడాదితో కలిపి వరుసగా మూడేళ్లు రాయవచ్చు గాని, అడ్వాన్స్‌డ్ మాత్రం వరుసగా రెండేళ్లే, రెండుసార్లే. అంటే ఐఐటీ కోసం ఆగేవారికి ఒకే ఒక్క ఏడాది ఉంటుంది. ఇంతకుముందు ఐఐటీ సీటు అంగీకరించినవారికి అదీ ఉండదు. 2024 నవంబరు 5న మూడు అవకాశాలు ఇస్తున్నట్టు ప్రకటించి, 18న వెనక్కి తీసుకున్నారు. ఆ పదమూడు రోజుల్లో చదువుతున్న కోర్సు మానేసినవారు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2025 జనవరిలో ఊరట పొందవలసి వచ్చింది. ప్రకటన చూసి కోర్సు వదలకుండా, సమాచార పుస్తిక వచ్చేదాకా ఆగడం మంచిది.

డిగ్రీ తర్వాత గ్రూప్స్ కోసం ఆగేవారి చిక్కు దీనికి పూర్తిగా భిన్నం, ఎందుకంటే అక్కడ పరీక్ష తేదీయే చేతిలో ఉండదు. తెలంగాణలో 2022 ఏప్రిల్‌లో 503 గ్రూప్-1 పోస్టులకు ప్రకటన వచ్చింది. ఆ అక్టోబరులో జరిగిన ప్రిలిమ్స్ ప్రశ్నపత్రం లీకేజీ వల్ల 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్లీ పెట్టిన ప్రిలిమ్స్‌ను సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త ప్రకటన వచ్చి, మెయిన్స్ అక్టోబరులో జరిగాయి. “ఒక్క ఏడాది” అని ఉద్యోగం మానేసి హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గది తీసుకున్నవారికి అది రెండున్నరేళ్లయింది, చదవకపోవడం వల్ల కాదు. కనుక ఇక్కడ ఉద్యోగం చేస్తూ చదవడమూ, ప్రకటన వచ్చి తేదీ ఖరారయ్యాక సెలవు పెట్టడమూ సరైన వరుస. సివిల్స్‌కు మాత్రం ఏటా క్యాలెండర్ ఉంటుంది. జనరల్ కేటగిరీకి 32 ఏళ్లలోపు ఆరు ప్రయత్నాలు కనుక, సగం తయారీతో రాసిన ప్రిలిమ్స్ కూడా ఒక ప్రయత్నంగా ఖర్చవుతుంది.

## దాచుకోవలసిన కాగితాలు

ఏ దారి ఎంచుకున్నా, ఆగిన ఏడాదికి కౌన్సెలింగ్‌లోనో కాలేజీలోనో వివరణ అడుగుతారు. ఇంటర్ కాలేజీ నుంచి టీసీ, స్టడీ సర్టిఫికెట్లు ఫలితాల రోజుల్లోనే తెచ్చుకోవాలి. ఆ ఏడాది ఏ కోర్సులోనూ చేరలేదని చెప్పే గ్యాప్ అఫిడవిట్‌ను స్టాంపు కాగితం మీద నోటరీ చేయించుకుంటే సరిపోతుంది. తర్వాత ఇంజినీరింగ్‌లోకి వెళ్లే అవకాశం ఉన్నవారు మరొకటి గమనించాలి. కాలేజీ ప్రాంగణ నియామకాల్లో కొన్ని సంస్థలు చదువులో ఒకటి రెండేళ్లకు మించి విరామం ఉండరాదని షరతు పెడతాయి కనుక, రెండో లాంగ్‌టర్మ్ లెక్కలో దాన్ని కూడా కలుపుకోవాలి. ఎంబీబీఎస్‌లో చేరేవారికి ఆ బెంగ లేదు.